60 దగ్గర వెనక నుంచి వచ్చే కూత: ఆయిల్ తగ్గిందా, బేరింగ్ పోయిందా, పళ్లు అరిగాయా?

దసరా వెళ్లి పత్తి రావడం మొదలైతే వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారిలో పికప్ బండ్లకు పని పెరుగుతుంది. అదే సమయానికి షెడ్లకు ఒక ఫిర్యాదు కూడా ఎక్కువగా వస్తుంది. "అన్నా, 60 దాటితే ఎనక నుంచి గుయ్యిమంటాంది. రేసు ఇడిస్తే ఆగుతాంది." ఇంత చెప్పగానే పక్కన నిలబడ్డ నలుగురు నాలుగు తీర్పులు ఇచ్చేస్తారు. ఒకాయన ఆయిల్ దిగిందంటాడు, ఇంకొకాయన బేరింగ్ అంటాడు, మూడో ఆయన క్రౌన్ పినియన్ సెట్టు మార్చాల్సిందే అంటాడు. నాలుగో ఆయన చిక్కటి 140 ఆయిల్ పోసి మర్చిపొమ్మంటాడు.

నిజానికి ఈ నలుగురూ ఒకే వరుసలోని వేర్వేరు మెట్ల గురించి మాట్లాడుతున్నారు. ఆయిల్ తగ్గడం మొదటి మెట్టు, దానికి సాధారణంగా చప్పుడు ఉండదు. బేరింగ్ దెబ్బతినడం రెండోది. బేరింగ్ వదులై పళ్లు పక్కకు జరగడం మూడోది, కూత పుట్టేది ఇక్కడే. అందుకే కూత విన్నాక ఆయిల్ నింపితే చెడడం నెమ్మదిస్తుందే తప్ప అరిగిన లోహం తిరిగి రాదు. బండి ఏ మెట్టు మీద ఉందో తెలిస్తే ఎంత ఖర్చు పెట్టాలో కూడా తెలుస్తుంది.

హౌసింగ్ లోపల ఎవరి పని ఏమిటి

ఇంజిన్ ముందుండి వెనక చక్రాలు లాగే బండ్లలో గేర్‌బాక్స్ నుంచి పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక్కి వస్తుంది. అది తిరిగే దిక్కు వేరు, చక్రాలు తిరగాల్సిన దిక్కు వేరు. ఆ మలుపు తిప్పేది వెనక చక్రాలను కలిపే ఇనుప హౌసింగ్ మధ్యలో గుండ్రంగా ఉబ్బిన చోట ఉండే జత. చిన్నది పినియన్, పెద్ద చక్రం క్రౌన్. పినియన్‌కు 10 పళ్లు, క్రౌన్‌కు 41 పళ్లు ఉన్నాయనుకుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ 4.1 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది.

పినియన్ రెండు బేరింగ్‌ల మీద కూర్చుంటుంది. పళ్ల పక్కనే ఉన్న పెద్దదాన్ని లోపలి బేరింగ్ అందాం, ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపు ఉన్న చిన్నదాన్ని బయటి బేరింగ్ అందాం. రెండూ కోసుగా ఉండే రోలర్ బేరింగ్‌లే. వాటిని ఒకదానికెదురుగా ఒకటి పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే ఫ్లాంజ్ మీది పెద్ద నట్టుతో కాస్త బిగువుగా నొక్కి ఉంచుతారు. ఈ బిగువునే ప్రీలోడ్ అంటారు. షాఫ్ట్ ముందుకీ వెనక్కీ వెంట్రుకవాసి కూడా కదలకూడదు, అలాగని బేరింగ్ వేడెక్కేంత పట్టూ ఉండకూడదు. ఈ రెండింటి మధ్య ఉండే సన్నటి సందులోనే కథంతా నడుస్తుంది.

క్రౌన్‌ను మోసే కేస్‌కు రెండు వైపులా మరో రెండు బేరింగ్‌లు ఉంటాయి. కేస్ లోపలి చిన్న స్టార్ గేర్లు మలుపులో ఒక చక్రాన్ని మరోదానికంటే వేగంగా తిరగనిస్తాయి. చివర్లలో వీల్ బేరింగ్‌లు. ఇంతే సామాను. కాకపోతే వీటిలో ఒక్కొక్కటి ఒక్కో తీరున అరుస్తుంది.

ఇంకొక్క సంగతి. చాలా బండ్లలో పినియన్ క్రౌన్ మధ్యగీతకు ఎదురుగా కాకుండా కొంచెం కిందకు ఉంటుంది. ఇలాంటి గేర్లను హైపాయిడ్ గేర్లంటారు. మధ్యగీత తప్పి ఉండడం వల్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాక బాగా జారతాయి కూడా. ఆ జారుడు చోట మామూలు ఆయిల్ పొర నిలవదు. లోహానికి పట్టుకుని ఉండే గంధకం, భాస్వరం మందులు కలిపిన ఆయిల్ కావాలి, డబ్బా మీద జీఎల్-5 అని ఉండేది అదే. గేర్‌బాక్స్ కోసం తెచ్చిన జీఎల్-4 డబ్బాలో మిగిలింది కదా అని హౌసింగ్‌లో పోస్తే లెవల్ సరిపోతుంది, రక్షణ సరిపోదు. గేర్‌బాక్స్‌కు ఏది పోయాలో బండి పుస్తకం చెప్పాలి తప్ప, హౌసింగ్‌కు మంచిదని జీఎల్-5ను అందులోనూ పోయడం మంచిది కాదు. పాత గేర్‌బాక్సుల ఇత్తడి రింగులకు అది కొన్నిసార్లు పడదు.

ఆయిల్ ఎక్కడిదాకా ఉండాలి, తగ్గితే ముందు దెబ్బ ఎవరికి

హౌసింగ్‌కు డిప్ స్టిక్ ఉండదు. పక్కనున్న ఫిల్లర్ బోల్టు తీస్తే ఆయిల్ ఆ బొక్క కింది అంచుకు తగులుతూ ఉండాలి. బండి సమతలం మీద ఉండాలి, ఆగి కనీసం 10 నిమిషాలు కావాలి. చిటికెన వేలు మొదటి గణుపు దాకా పెట్టి కిందికి వంచితే వేలి కొసకు ఆయిల్ అంటాలి. అంచుకు 5 మిల్లీమీటర్లు తక్కువున్నా భయం లేదు. వేలు పూర్తిగా వంచినా తడి తగలకపోతే బాగా తగ్గిందన్నమాట. ఒక వైపు జాకీ ఎత్తి చూసిన లెవల్ లెక్కలోకి రాదు. బండి వాలుగా ఉంటే సగం ఖాళీ హౌసింగ్ కూడా నిండుగా కనిపిస్తుంది.

చూసే ముందు చేయాల్సిన చిన్న పని ఒకటుంది. డ్రెయిన్ బోల్టు జోలికి వెళ్లకముందే ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో చూడాలి. ఆయిల్ దింపేశాక పైబోల్టు పట్టేసిందని తెలిస్తే బండి అక్కడే నిలబడుతుంది.

ఆయిల్ తగ్గితే క్రౌన్ పళ్లకే ముందు దెబ్బ అని చాలామంది అనుకుంటారు. క్రౌన్ కింది భాగం ఎప్పుడూ ఆయిల్‌లో మునిగే ఉంటుంది, సగం తగ్గినా దానికి ఎంతో కొంత అందుతుంది. కష్టమంతా పినియన్ బేరింగ్‌లది, అందులోనూ బయటిదానిది. క్రౌన్ తిరుగుతూ ఆయిల్‌ను పైకి చిమ్ముతుంది. అలా చిమ్మింది హౌసింగ్ పోతలో ఉన్న సన్నటి కాలువలో పడి పినియన్ బేరింగ్‌ల మధ్యకు జారుతుంది. మెట్ట పొలానికి కాలువ నీళ్లు అందినట్టు ఆ బేరింగ్‌లకు ఆయిల్ అందేది ఈ కాలువ నుంచే. లెవల్ తగ్గితే క్రౌన్ చిమ్మేది తగ్గుతుంది, కాలువ ఎండుతుంది, చివరి మడి ముందు ఎండుతుంది. క్రౌన్ పళ్లు బాగానే కనిపిస్తూ బయటి బేరింగ్ నల్లబడిపోయిన హౌసింగ్‌లు దొరికేది ఇందుకే.

ఎక్కువ పోయడం కూడా మేలు కాదు. అంచు దాటి నింపితే ఆయిల్ నురగ కడుతుంది, వేడెక్కుతుంది, ఆయిల్‌ను ఆపే రబ్బరు సీళ్ల గుండా బ్రేక్ డ్రమ్ముల్లోకి కారుతుంది. కొలత సంగతికొస్తే, చిన్న వ్యాన్లకు లీటరుకు కాస్త పైన, పికప్‌లకు 2 లీటర్ల అటూ ఇటూ పడుతుంది. అసలు అంకె ఆ బండి పుస్తకంలోదే.

వాగు దాటిన హౌసింగ్

ములుగు, ఏటూరునాగారం వైపు తిరిగే బండ్లకు వానాకాలంలో లోలెవల్ కాజ్‌వేలు తప్పవు. కాజ్‌వే మీద నీళ్లు హబ్ దాకా ఉన్నప్పుడు బండి దాటిందనుకోండి. అప్పటిదాకా 40 కిలోమీటర్లు నడిచిన హౌసింగ్ వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్లు తగలగానే లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి గాలిని లాగుతుంది. హౌసింగ్ పైన ఊపిరి తీసుకోవడానికి బ్రీదర్ అనే చిన్న గొట్టం ఉంటుంది. అది బురదతో మూసుకుపోతే ఆ లాగుడంతా సీళ్ల పెదవుల మీద పడుతుంది, నీళ్లు అక్కడి నుంచి లోపలికి వస్తాయి. బ్రీదర్ మూసుకుంటే మరో నష్టం కూడా ఉంది. వేడెక్కిన గాలి బయటకు పోలేక ఆయిల్‌నే సీళ్ల గుండా తోస్తుంది. సీలు మార్చిన నెలకే మళ్లీ కారుతోందంటే సీలును తిట్టే ముందు బ్రీదర్ ఊది చూడాలి.

నీళ్లు కలిసిన ఆయిల్ పాలెక్కువైన చాయ్ రంగుకు మారుతుంది. దాని పొర బలం పడిపోతుంది, బండి వారం రోజులు నిలబడితే రోలర్ల మీద తుప్పు గీతలు పడతాయి. జులై, ఆగస్టుల్లో నీళ్లు తాగిన హౌసింగ్ ఖాళీ బండితో మామూలుగానే తిరుగుతుంది. అక్టోబరులో పత్తి లోడు ఎక్కాకే బయటపడుతుంది. ఫిర్యాదులన్నీ దసరా తర్వాత రావడంలో ఇదొక కారణం.

దింపిన ఆయిల్ చాలా సంగతులు చెబుతుంది. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద పలుచగా అంటి, వేళ్ల మధ్య కాటుకలా మెత్తగా ఉంటే అది మామూలు అరుగుదల. గరగరలాడితే అనుమానించాలి. గోరు గిల్లులాంటి పలుచటి పెచ్చులు కనిపిస్తే బేరింగ్ పై పొర లేచిపోతోందన్నమాట. మూలలున్న గట్టి ముక్క దొరికితే అది పంటిది, ఆ బండి ఆ పూట కదలకపోవడమే మంచిది.

కూత ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది

చప్పుడు ఎంత గట్టిగా ఉందన్న దానికంటే అది ఎప్పుడు మారుతుందన్నది ముఖ్యం. అయితే ముందు తేల్చుకోవాల్సింది, అది నిజంగా హౌసింగ్‌దేనా అని. 60లో ఐదో గేర్‌లో వినిపించే కూత, అదే 60లో నాలుగో గేర్‌కు మార్చినా అదే శ్రుతిలో ఉంటే ఇంజిన్‌దీ కాదు, గేర్‌బాక్స్ లోపలి గేర్లదీ కాదు. ఇంజిన్ వేగం మారింది, కూత మారలేదు. సిమెంటు రోడ్డు నుంచి తారు రోడ్డుకు రాగానే చప్పుడు గుణం మారితే అది టైర్లది. పెద్ద బొడిపెలున్న టైర్లు వెనక వేసుకున్న బండ్లలో హౌసింగ్ విప్పి ఏమీ దొరకక మళ్లీ మూసిన సందర్భాలు తక్కువేమీ కాదు.

హౌసింగ్‌దే అని తేలాక రేసు పెడల్ సాక్ష్యం చెబుతుంది. రేసు ఇచ్చి లాగేటప్పుడు పినియన్ పళ్లు క్రౌన్ పళ్లను ఒక ముఖంతో తోస్తాయి. రేసు వదిలి బండి తానే దొర్లేటప్పుడు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, అప్పుడు పళ్ల రెండో ముఖం పని చేస్తుంది. లాగేటప్పుడు మాత్రమే వచ్చి, వదలగానే పోయే సన్నటి కూత లాగే ముఖం సరిగా కలవడం లేదని చెబుతుంది. వదిలినప్పుడే వచ్చేది రెండో ముఖానిది. ఆ ముఖం మీద లోడు తక్కువ కాబట్టి ఇలాంటి కూతతో బండి చాలాకాలం నడుస్తుంది.

పినియన్ బేరింగ్‌లకూ ఈ లెక్కే వర్తిస్తుంది. లాగేటప్పుడు పళ్ల ఒత్తిడి పినియన్‌ను క్రౌన్ నుంచి బయటికి నెడుతుంది, ఆ భారం లోపలి పెద్ద బేరింగ్ మీద పడుతుంది. వదిలినప్పుడు పినియన్‌ను లోపలికి లాగుతుంది, భారం బయటి చిన్న బేరింగ్‌కు మారుతుంది. అయితే బేరింగ్ గొంతు వేరు. పళ్లది ఈల లాంటి ఒకే శ్రుతి. బేరింగ్‌ది ఇసుక కలిసిన గరగర, రోలు తిప్పినట్టు ఉంటుంది. ఆ గరగర తక్కువ వేగంలోనే మొదలై వేగంతో పెరుగుతూ పోతుంది. పళ్ల కూత అలా కాదు, 45 నుంచి 65 మధ్య బాగా వినిపించి, 80 దగ్గర గాలి చప్పుడులో కలిసిపోవచ్చు.

మిగతావి త్వరగా తేలుతాయి. ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఎడమకూ కుడికీ ఊపినప్పుడు ఒక వైపు పెరిగి మరో వైపు తగ్గే మోత వీల్ బేరింగ్‌ది, దానికి రేసుతో పని లేదు. మలుపులో మాత్రమే టకటకలాడితే స్టార్ గేర్లు. రేసు వేసిన క్షణంలో ఒక్కసారి 'టంగ్' మంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్ చూడాలి.

శ్రుతి లెక్క: ఆ కూత పళ్లదేనని ఎలా తెలుస్తుంది

చెవి మీద నమ్మకం లేనివాళ్లకు లెక్క ఉంది. పికప్ టైరు ఒక్క చుట్టుకు 2.1 మీటర్లు నడుస్తుందనుకుందాం. నేల మీద సుద్దతో గీత పెట్టి, బండిని ఒక చుట్టు తోసి టేపుతో కొలిస్తే అసలు అంకె వస్తుంది. 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. దాన్ని 2.1తో భాగిస్తే చక్రం సెకనుకు సుమారు 7.9 చుట్లు తిరుగుతోంది. క్రౌన్‌కు 41 పళ్లు కాబట్టి సెకనుకు దాదాపు 325 పళ్లు కలుస్తున్నాయి. అంటే కూత 325 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. వేగం 40కి దిగితే అది 217కి దిగాలి.

ఫోనులో శబ్దం శ్రుతి చూపే ఉచిత యాప్‌లు ఉన్నాయి. పక్క సీట్లో కూర్చున్న మనిషి ఫోను పట్టుకుని చూస్తే, 60లో తెర మీద 325 దగ్గర ఒక కొమ్ము నిలబడి, 40లో 217 దగ్గరకు జరిగితే పళ్ల కలయికలో తేడా ఉన్నట్టే. స్పీడోమీటర్ కొంచెం ఎక్కువ చూపించడం మామూలే కాబట్టి అంకె పది పదిహేను అటూ ఇటూ అయినా ఫరవాలేదు. బేరింగ్‌కు ఇలా ఒక్క కొమ్ము రాదు. దాని గరగర చాలా చోట్ల గుట్టలు గుట్టలుగా పరుచుకుని ఉంటుంది. ఈ పరీక్ష దేన్ని మార్చాలో చెప్పదు. పళ్లు అరిగి కూసినా, బేరింగ్ వదులై పళ్లు పక్కకు జరిగి కూసినా కొమ్ము ఒకే చోట వస్తుంది. ఆ తేడా విప్పితేనే తెలుస్తుంది.

సీలు మార్చాక మొదలైన కూత

ఇప్పుడు ఒక బండిని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. ఇలాంటివి షెడ్లకు తరచూ వచ్చేవే. 41కి 10 పళ్ల పికప్, హౌసింగ్‌లో 2 లీటర్ల ఆయిల్ పడుతుంది. పినియన్ సీలు కారి, ఫ్లాంజ్ చుట్టూ ధూళితో నల్లటి ముద్ద కట్టింది. సీలు మార్చారు, దింపితే లీటరుంపావే వచ్చింది, కొత్త ఆయిల్ నింపారు. బండి చప్పుడు లేకుండా వెళ్లింది. మూడు వారాలకు లోడుతో 50 దాటగానే కూత మొదలైంది. యజమాని మాట ఒక్కటే: "సీలు మార్చినంకనే గిట్లయింది." షెడ్డువాళ్ల మాటా ఒక్కటే: "మేం పళ్లను ముట్టనే లేదు గదా."

ఇద్దరూ చెప్పేది నిజమే. సీలు తీయాలంటే ఫ్లాంజ్ తీయాలి, ఫ్లాంజ్ తీయాలంటే పినియన్ నట్టు ఊడదీయాలి. చాలా తేలిక బండ్లలో రెండు పినియన్ బేరింగ్‌ల మధ్య పలుచటి ఇనుప గొట్టం ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ అది నలుగుతూ ప్రీలోడ్‌ను కుదురుస్తుంది. నలిగాక మళ్లీ సాగదు. పాత నట్టు గతంలో ఎక్కడుందో గుర్తు పెట్టకుండా, రెండు మీటర్ల పైపు వేసి ఇద్దరు వేలాడి బిగిస్తే గొట్టం ఇంకాస్త నలుగుతుంది, బేరింగ్‌లు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఇంపాక్ట్ గన్‌తో అయితే ఆ పని రెండు సెకన్లలో అయిపోతుంది. వెనక్కి వదులు చేసి సరిపెడదామంటే గొట్టం నలిగి ఉంది, నట్టుకు పట్టు ఉండదు. అప్పుడు కొత్త గొట్టం వేయడం తప్ప దారి లేదు.

ఎంత బిగువుందో కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఫ్లాంజ్‌కు దారం చుట్టి కూరగాయల స్ప్రింగు తాసు కొక్కెం తగిలించి మెల్లగా లాగాలి, ఫ్లాంజ్ ఆగకుండా తిరుగుతున్నప్పుడు ముల్లు ఎక్కడుందో చూడాలి. దారం చుట్టిన చోట ఫ్లాంజ్ మధ్య నుంచి అంచు దాకా 5 సెంటీమీటర్లు ఉండి, తాసు 3 కిలోలు చూపితే బిగువు 15 కిలో-సెంటీమీటర్లు. తేలిక బండ్లకు కొత్త బేరింగ్‌లతో సుమారు 10 నుంచి 30 మధ్య చెబుతారు, పాత బేరింగ్‌లకు అందులో సగం. ఆ బండికి ఎంతన్నది పుస్తకంలో చూడాలి. మన ఉదాహరణలో సీలు మార్చిన రోజునే తాసు పెట్టి ఉంటే 9 చూపేది, అంటే 45. పాత బేరింగ్‌ల పై హద్దుకు కూడా అది మూడింతలు.

తర్వాత జరిగింది ఊహించడం కష్టం కాదు. ఇంతకుముందే ఆయిల్ సరిగా అందని బేరింగ్‌లు బిగువుకు వేడెక్కాయి, రోలర్ల మీది పొర పెచ్చులుగా లేచింది. పెచ్చులు లేచిన మేరకు బేరింగ్ సన్నబడి, బిగువు కాస్తా పూర్తిగా పోయి వదులుగా మారింది. ఇప్పుడు లోడు పడినప్పుడల్లా పినియన్ బయటికి జరుగుతోంది. పళ్లు నడుమ కలవాల్సింది పైఅంచుల దగ్గర కలుస్తున్నాయి. కూత అదే. ఫ్లాంజ్‌ను రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే సన్నటి కదలిక చేతికి తెలిసింది. అక్కడ కదలిక సున్నా ఉండాలి. పక్కకు తిప్పినప్పుడు వచ్చే ఆటకూ దీనికీ సంబంధం లేదు, పళ్ల మధ్య ఖాళీ వల్ల ఆ ఆట మంచి హౌసింగ్‌లోనూ ఉంటుంది.

దీన్ని తప్పించే పద్ధతి చిన్నదే. నట్టు ఊడదీసే ముందు డ్రమ్ములు తీసి, బ్రేక్ పట్టు లేకుండా చేసి, ఫ్లాంజ్ తిరగడానికి ఎంత బలం పడుతోందో తాసుతో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. షాఫ్ట్, ఫ్లాంజ్, నట్టు మూడింటి మీదా పంచ్‌తో ఒకే గీతలో గుర్తు కొట్టాలి. సీలు వేశాక నట్టును ఆ గుర్తు దాకా తెచ్చి, మళ్లీ తాసు పెట్టి, ముందున్న అంకె కానీ దానికి ఒక పిసరు పైన కానీ వచ్చేలా కొద్దికొద్దిగా బిగించాలి. అరగంట ఎక్కువ పడుతుంది.

140 పోస్తే సరిపోతుందా

ఈ సలహాను కొట్టిపారేయడం న్యాయం కాదు. వరంగల్ మే నెల ఎండలో నిండు లోడుతో తిరిగే బండ్లకు 80డబ్ల్యూ-90 బదులు 85డబ్ల్యూ-140ను కొందరు తయారీదార్లే అనుమతిస్తారు. చిక్కటి ఆయిల్ పొర మందంగా ఉంటుంది కాబట్టి అరిగిన పళ్ల మధ్య కాస్త మెత్తగా పనిచేసి కూత ఒక మెట్టు దిగుతుంది కూడా. పళ్లు కొద్దిగా అరిగి, బేరింగ్‌లు గట్టిగా ఉండి, ఫ్లాంజ్‌లో కదలిక లేని పాత బండికి ఇది సమంజసమైన మాటే.

బేరింగ్ వదులైన బండికి ఇదే ఆయిల్ హాని చేస్తుంది. చప్పుడు తగ్గింది, పినియన్ జరగడం తగ్గలేదు. పైగా డిసెంబరు తెల్లవారుజామున చిక్కటి ఆయిల్ ఆ సన్న కాలువలో మెల్లగా పారుతుంది, ఇప్పటికే దెబ్బతిన్న బయటి బేరింగ్‌కు మరీ ఆలస్యంగా అందుతుంది. పాత బండి కొనేవాళ్లు ఫిల్లర్ బోల్టు తీయించి వేలు పెట్టి చూడడం మంచిది. ఆయిల్ తేనెలా సాగుతూ ఉంటే, ఇంకా ఘోరంగా గ్రీజు కలిపి ఉంటే, అమ్మేవాళ్లు ఏదో చప్పుడును పడుకోబెట్టారని అనుకోవచ్చు.

బేరింగ్‌లు మాత్రమేనా, సెట్టు కూడానా

అసలు వాదన ఇది. బేరింగ్‌లు మాత్రమే మారిస్తే ఖర్చు తక్కువ. సెట్టు కూడా మారిస్తే చాలా ఎక్కువ. బేరింగ్‌లు చాలంటున్నవాళ్ల మాటలో బలముంది. పళ్లు బాగుండి బేరింగ్ ఒక్కటే పోయినప్పుడు, పినియన్ తన పాత లోతులోనే కూర్చుంటే కూత పోతుంది. ఆ 'కూర్చుంటే' దగ్గరే చిక్కు. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలోనే ఒకదానితో ఒకటి రాపిడి పెట్టి జత చేసినవి, అందుకే రెండింటి మీదా ఒకే జత నంబరు చెక్కి ఉంటుంది. లక్ష కిలోమీటర్లు ఒక స్థానంలో అరిగాక అవి ఆ స్థానానికే అలవాటు పడతాయి. బేరింగ్ మందం పాతదానికీ కొత్తదానికీ మిల్లీమీటర్‌లో పదో వంతు తేడా ఉంటే, షిమ్ములనే పలుచటి రేకులతో ఆ తేడా సరిచేయకపోతే, బేరింగ్ మార్చాక కూత ఇంకా పెరుగుతుంది. "బేరింగ్లు మారిస్తే ఎక్కువైంది" అనే ఫిర్యాదు వెనక సాధారణంగా ఉండేది ఇదే.

నిర్ణయం పళ్లను చూసి తీసుకోవాలి. క్రౌన్ పళ్లు నాలుగైదింటికి మార్కింగ్ బ్లూ అనే రంగు పూసి, క్రౌన్‌ను కాస్త ఆపి పట్టుకుని పినియన్ తిప్పితే కలిసే చోట రంగు చెరిగి మచ్చ పడుతుంది. మచ్చ పంటి ఎత్తులో నడుమన, పొడవులో కాస్త లోపలి కొస వైపు పడితే సెట్టు కుదురుగా ఉన్నట్టు. పైఅంచుకు పాకితే పినియన్‌ను షిమ్ముతో లోపలికి తేవాలి, అడుక్కు దిగితే బయటికి తేవాలి. తర్వాత డయల్ గేజ్‌తో పళ్ల ఖాళీ కొలుస్తారు. తేలిక బండ్లకు అది సుమారు 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్లు. మచ్చ నడుమకు వచ్చి, పంటి ముఖం గాజులా నున్నగా ఉంటే బేరింగ్‌లు, గొట్టం, సీలు చాలు. పంటి ముఖం మీద వేలిగోరు ఆగే మెట్టు ఉన్నా, గుంటలు పడ్డా, వేడికి నీలిరంగు తిరిగినా ఏ షిమ్ముతోనూ ఆ కూత పోదు.

మన పికప్ సంగతికొస్తే లాగే ముఖం మీద పైఅంచున సన్నటి మెరుపు గీత ఉంది, గోరు ఆగలేదు. కూత మొదలయ్యాక 400 కిలోమీటర్లలోపే షెడ్డుకు వచ్చింది కాబట్టి పళ్లు దక్కాయి. రెండు బేరింగ్‌లు, కొత్త గొట్టం, కొత్త నట్టు, ఒక షిమ్ము మార్పుతో మచ్చ నడుమకు వచ్చింది. ఇంకో రెండు నెలలు 140 ఆయిల్‌తో పత్తి మోసి ఉంటే సెట్టు లెక్క రాసేవాళ్లు.

సెట్టే మార్చాల్సి వస్తే మొదటి రోజే నిండు లోడు వేయకూడదు. కొత్త పళ్లు ఒకదానికొకటి నునుపయ్యేటప్పుడు బాగా వేడి పుడుతుంది. ఖాళీ బండితో 20 నిమిషాలు నడిపి, హౌసింగ్ చేత్తో ముట్టుకోగలిగేంత చల్లబడేదాకా ఆపి, అలా రెండు మూడు సార్లు చేస్తారు. మొదటి 800 కిలోమీటర్లకే ఆయిల్ దింపి కొత్తది పోస్తారు. ఆ మొదటి ఆయిల్ నల్లగా, మెరుపు పొడితో దిగుతుంది. దాన్ని చూసి కంగారుపడనక్కర్లేదు, పెచ్చులున్నాయేమో మాత్రం వేళ్ల మధ్య నలిపి చూసుకోవాలి.